పొగమంచులో చారలు: డిదరింగ్ మీద వేస్తున్న నింద సరికాదు

"డిదరింగ్ అంటే తప్పు చేసి దానిమీద గరుకు చల్లడం. అసలు మందు 16-బిట్ బఫర్. అది పెట్టుకున్నాక డిదరింగ్‌తో పనే లేదు." గేమ్ గ్రాఫిక్స్ పనిచేసేవాళ్లలో ఈ మాట ఎంత గట్టిగా పాతుకుపోయిందంటే, కొత్తగా చేరినవాళ్లు దాన్ని పాఠంలాగే నేర్చుకుంటున్నారు. చీకటి సన్నివేశంలో పొగమంచు నునుపుగా పరుచుకోవాల్సిన చోట మెట్లు మెట్లుగా చారలు కనిపిస్తే, మొదటి సలహా "బిట్లు పెంచు". పెంచినా చారలు పోకపోతే రెండో సలహా "అది మానిటర్ లోపం". అప్పటికీ వినకపోతే, చివర్లో అయిష్టంగా "సరే, కాస్త నాయిస్ చల్లు" అంటారు.

ఈ మూడు సలహాల్లోనూ తప్పుంది. బిట్లు అక్కర్లేదని నేను అనడం లేదు. వాటి అవసరం ఎక్కడో కింద చూపిస్తాను. కానీ బిట్లు చేయగల పని ఒకటి, డిదరింగ్ చేసే పని మరొకటి. ఒకదాని బదులు ఇంకొకటి వాడితే చారలు మిగులుతాయి.

ముందు చార ఎలా పుడుతుందో చూద్దాం. మామూలు తెరకు మనం పంపే ప్రతి రంగు చానెల్‌కూ 256 విలువలే ఉంటాయి, 0 నుంచి 255 దాకా. ఎస్‌ఆర్‌జీబీ పద్ధతి ఈ విలువలను సమానమైన కాంతి మెట్లుగా పంచదు. చీకటి వైపు ఎక్కువ విలువలు కేటాయిస్తుంది, ఎందుకంటే మన కన్ను చీకట్లో చిన్న తేడాలను కూడా పట్టుకుంటుంది. అంత చేసినా చీకటికి ఆ విలువలు చాలవు. 200 నుంచి 201కి వెళ్తే కాంతి సుమారు 1 శాతమే పెరుగుతుంది. అదే 20 నుంచి 21కి వెళ్తే 7 శాతం పెరుగుతుంది. నునుపైన రంగు పక్కన నునుపైన రంగు ఉన్నప్పుడు 1, 2 శాతం తేడాను కూడా కన్ను గుర్తించగలదు. 7 శాతం అంటే గీత గీసినట్టే.

ఇప్పుడు రాత్రిపూట పొగమంచును ఊహించండి. 1920 పిక్సెళ్ల వెడల్పున్న తెరమీద ఎడమ అంచున విలువ 12, కుడి అంచున 24. మధ్యలో ఉన్నది 12 మెట్లే. ఒక్కో మెట్టు 160 పిక్సెళ్ల వెడల్పు పట్టీ అవుతుంది. పట్టీలోపల రంగు ఏమాత్రం మారదు, అంచు దగ్గర ఒక్కసారిగా దూకుతుంది. పైగా అలాంటి అంచును మన చూపు ఉన్నదానికంటే పెద్దది చేసి చూపిస్తుంది. ఎర్నెస్ట్ మాక్ 1865లోనే దీన్ని వర్ణించాడు. ఆ భ్రమను ఇప్పటికీ మాక్ పట్టీలనే అంటారు. ఇటుక గోడమీదా ఇదే రౌండింగ్ జరుగుతుంది, కానీ గోడమీది గరుకులో అది కలిసిపోతుంది. పొగమంచుకు ఆ ఆసరా లేదు.

ఇక మొదటి సలహా సంగతి. సన్నివేశాన్ని `R16G16B16A16_FLOAT` బఫర్లో గీశారనుకుందాం. 12కూ 24కూ మధ్య అందులో వందల విలువలు నిలుస్తాయి. పొగమంచు ఆ బఫర్లో నిజంగానే నునుపుగా ఉంటుంది. కానీ ఆటగాడు చూసేది ఆ బఫర్‌ను కాదు. చివరి దశలో అదంతా 8-బిట్ విలువలుగా మారి తెరకు చేరుతుంది. ఆ మార్పులో 20.3 వచ్చినా 20, 19.7 వచ్చినా 20. మధ్యలో ఎంత నునుపు దాచుకున్నా చివరి గడపలో పోయింది. పట్టీలు మళ్లీ అవే 160 పిక్సెళ్లు. బఫర్ మార్చినా చార కదలలేదని జనం ఆశ్చర్యపోయేది ఇక్కడే. ఇందులో ఆశ్చర్యపోవడానికేమీ లేదు: రౌండింగ్‌ను వాయిదా వేశారు, రద్దు చేయలేదు.

ఇక రెండో సలహా, లోపం మానిటర్‌దేనన్నది. "అయితే తెర కూడా 10-బిట్ ఉండాలి" అంటారు. ఉంటే మంచిదే. ఒక్కో మెట్టు నాలుగు ముక్కలై, 7 శాతం తేడా 2 శాతానికి కాస్త తక్కువకు దిగుతుంది. పట్టీ 40 పిక్సెళ్లకు సన్నబడుతుంది. అయినా ఆ తేడా కన్ను పట్టుకునే హద్దులోనే ఉంది. పైగా చూసేవాడి తెర ఏదో మన చేతిలో లేదు. ఇంకో విషయం: 10-బిట్ అని అమ్మే చాలా తెరల్లో పలక నిజానికి 8-బిట్‌ది. మిగిలిన రెండు బిట్లనూ ఎఫ్‌ఆర్‌సీ అనే పద్ధతితో, రెండు పక్కపక్క విలువలను ఫ్రేము ఫ్రేముకూ మారుస్తూ రాబడతారు. అది కాలంలో చేసే డిదరింగే. డిదరింగ్ నాణ్యతను చెడగొడుతుందని వాదించేవారిలో చాలామంది ఆ వాదనకు సాక్ష్యంగా చూపే నునుపు గ్రేడియంట్ డిదరింగ్ వల్ల వచ్చినదే.

ఇప్పుడు అసలు నిందకు వద్దాం: డిదరింగ్ తప్పును దాస్తుందన్నది. ఏం జరుగుతుందో ఒక విలువమీద చూడండి. నిజమైన విలువ 20.3. డిదరింగ్ లేకపోతే ఆ ప్రాంతంలోని ప్రతి పిక్సెలూ 20 అవుతుంది. ఆ 0.3 ఎక్కడా మిగలదు. తెరను ఎంత పరీక్షించినా దాన్ని తిరిగి రాబట్టలేం. రౌండింగ్‌కు ముందు ప్రతి పిక్సెల్‌కూ −0.5, +0.5ల మధ్య ఒక యాదృచ్ఛిక సంఖ్య కలిపితే, పదింట మూడు పిక్సెళ్లు 21 అవుతాయి, ఏడు 20 అవుతాయి. సగటు 20.3. చిల్లర లేని కిరాణా కొట్టువాడు 20 రూపాయల 30 పైసల బిల్లుకు ప్రతిసారీ 20 తీసుకుంటే రోజూ నష్టపోతాడు. పదింట మూడుసార్లు 21 తీసుకుంటే లెక్క సరిపోతుంది. పిక్సెళ్ల విషయంలో ఆ సగటు తీసే పని కన్ను తనంతట తనే చేస్తుంది.

కాబట్టి ఏది సమాచారాన్ని చంపుతోంది, ఏది బతికిస్తోంది? మామూలు రౌండింగ్‌లో వచ్చే పొరపాటు బొమ్మ ఆకారాన్నే అనుసరిస్తుంది. గ్రేడియంట్ ఎటు వంగితే చార అటు వంగుతుంది. అందుకే అది కన్నుకు ఒక వస్తువులా, లేని అంచులా కనిపిస్తుంది. డిదరింగ్ ఆ పొరపాటుకూ బొమ్మకూ ఉన్న బంధాన్ని తెంచుతుంది. తర్వాత మిగిలేది ఆకారం లేని సన్నని గరుకు. ఇదేమీ నిన్న మొన్నటి చిట్కా కాదు. తర్వాత ఆర్పానెట్ నిర్మాణానికి సారథ్యం వహించిన లారెన్స్ రాబర్ట్స్, చిత్రాలను తక్కువ బిట్లతో పంపేటప్పుడు ముందే నాయిస్ కలిపితే చారలు పోతాయని 1962లోనే ప్రచురించాడు.

గరుకు అన్నది నిజమైన ఖరీదే, దాన్ని కాదనను. కానీ ఎంత? సరిగ్గా చేస్తే ఒకటి రెండు మెట్ల లోపు. మామూలు దూరంలో కూర్చున్నవారికి అది కనిపించడం కష్టం. కనిపించేంత గరుకు వచ్చిందంటే అది డిదరింగ్‌ను తప్పుగా చేసినందువల్లే, ఆ తప్పు కూడా దాదాపు ఎప్పుడూ ఒకేచోట జరుగుతుంది. దాని దగ్గరకు కాసేపట్లో వస్తాను.

అంతకుముందు, ఎలాంటి నాయిస్ అన్న ప్రశ్న ఉంది. పైన చెప్పిన సమాన పంపిణీ నాయిస్‌లో ఒక లోపముంది. విలువ సరిగ్గా 20.0 ఉన్నచోట గరుకు అసలు ఉండదు, ఎందుకంటే ఏం కలిపినా 20కే వస్తుంది. 20.5 ఉన్నచోట గరుకు గరిష్ఠం. దాంతో గ్రేడియంట్ పొడవునా గరుకు వస్తూ పోతూ ఉంటుంది. రంగు చారలు పోయి గరుకు చారలు మిగులుతాయి. "డిదరింగ్ పెట్టాం, అయినా ఏదో చారలాగే ఉంది" అనేవారు చూస్తున్నది దీన్నే. మందు తేలిక: రెండు స్వతంత్ర యాదృచ్ఛిక సంఖ్యలు కూడి, −1 నుంచి +1 దాకా త్రిభుజాకార పంపిణీ ఉన్న నాయిస్ వాడాలి. అప్పుడు గరుకు పరిమాణం ప్రతి విలువ దగ్గరా ఒకటే. ఆడియో రంగంలో లిప్‌షిట్జ్, వానమేకర్, వాండర్‌కూయ్ 1992లో దీన్ని గణితపరంగా విపులంగా నిరూపించారు. ఆ నాయిస్ గుంపులు కట్టకుండా, అంటే పక్కపక్క పిక్సెళ్లు ఒకేలా లేకుండా అమరిన బ్లూ నాయిస్ టెక్స్‌చర్ అయితే గరుకు ఇంకా కనుమరుగవుతుంది.

ఇక మూడో సలహా, "చివర్లో కాస్త చల్లు" అన్నది. ఇది వినడానికి రాజీమార్గంలా ఉంటుంది, కానీ అన్నిటికంటే ఎక్కువమందిని తప్పుదారి పట్టించేది ఇదే. డిదరింగ్ రౌండింగ్‌కు ముందు జరగాలి, తర్వాత కాదు. మధ్యలో ఎక్కడో 8-బిట్ బఫర్లో రౌండింగ్ జరిగిపోయి ఉంటే, చివర్లో కలిపే నాయిస్‌కు కాపాడేందుకు ఏమీ మిగలదు. మొబైల్ ఆటల్లో మామూలుగా కనిపించే ఒక ఏర్పాటు మీద దీన్ని లెక్కవేసి చూపిస్తాను.

ఒక చీకటి మైదానం. దానిమీద పొగమంచును పది పారదర్శకమైన పొరలుగా గీస్తున్నారు. పొగమంచు రంగు 40, ఒక్కో పొర ఆల్ఫా 0.02. బఫర్ 8-బిట్‌ది. మైదానంలో ఒకచోట విలువ 20. మొదటి పొర కలపాల్సింది (40 − 20) × 0.02, అంటే 0.4. ఫలితం 20.4, రౌండింగ్ తర్వాత 20. రెండో పొర మళ్లీ 20 మీదే మొదలవుతుంది, మళ్లీ 0.4 కలిపి మళ్లీ 20. పదో పొర అయ్యాక కూడా 20. రావాల్సిన విలువ 23.7. పది పొరల పొగమంచు గీశాం, ఒక్క మెట్టు కూడా కదలలేదు.

ఇప్పుడు 10 ఉన్నచోట చూడండి. మొదటి పొర కలిపేది 0.6, ఫలితం 11. తర్వాత 0.58, ఫలితం 12. అలా ఒక్కో మెట్టు ఎక్కుతూ 15 దగ్గరకు వచ్చేసరికి కలపాల్సింది సరిగ్గా 0.5 అవుతుంది, హార్డ్‌వేర్ రౌండింగ్ ఎటు మొగ్గితే అటు, 15లోనో 16లోనో ఆగిపోతుంది. 11, 12, 13, 14 కూడా అక్కడికే చేరి ఆగుతాయి. అంటే 10 నుంచి 15 దాకా నునుపుగా సాగాల్సిన నేల మొత్తం ఒకే రంగు పలక అయిపోయింది. నిజానికి అక్కడ 15.5 నుంచి 19.6 దాకా విలువలు ఉండాలి. ఈ బొమ్మ మీద చివర్లో ఎంత మంచి నాయిస్ చల్లినా ఏమొస్తుంది? చదునైన పలక గరుకుగా ఉన్న చదునైన పలక అవుతుంది. పోయిన నాలుగు మెట్లు తిరిగి రావు.

బిట్లు నిజంగా అవసరమైనది ఇక్కడ. అదే పొరలను 16-బిట్ ఫ్లోట్ బఫర్లో కలిపితే, ఈ చీకటి విలువల దగ్గర ఒక్కో 8-బిట్ మెట్టు 64 ముక్కలుగా ఉంటుంది. 0.4 మెట్టు అంటే దాదాపు 26 ముక్కలు, అది ఎక్కడికీ పోదు. ఖరీదు పిక్సెల్‌కు 4 బైట్ల బదులు 8. ఫుల్ హెచ్‌డీ తెరకు బఫర్ 8.3 మెగాబైట్ల నుంచి 16.6కు పెరుగుతుంది, ప్రతి పొరా దాన్ని చదివి మళ్లీ రాయాలి. ఫోనులో ఆ భారం మోయలేమనుకుంటే, 8-బిట్ బఫర్లోనే ప్రతి పొరకూ విడిగా డిదరింగ్ చేయాలి. అప్పుడు 20 విలువ దగ్గర ప్రతి పొరలోనూ పదింట నాలుగు పిక్సెళ్లు ఒక మెట్టెక్కుతాయి, పది పొరల తర్వాత సగటు 23.7కే చేరుతుంది. గరుకు కాస్త పోగవుతుంది, కానీ పొగమంచు నిలుస్తుంది. ఒక్క జాగ్రత్త: మామూలు ఆల్ఫా బ్లెండింగ్‌లో షేడర్ ఇచ్చే రంగు ఆల్ఫాతో గుణింపబడుతుంది. అందులో కలిపిన నాయిస్ కూడా 0.02తో గుణింపబడి మాయమవుతుంది. రంగును షేడర్‌లోనే ముందుగా ఆల్ఫాతో గుణించి, ఆ తర్వాత నాయిస్ కలిపి, ముందే గుణించిన రంగుకు తగిన బ్లెండ్ పద్ధతి పెట్టాలి.

ఇంతకంటే ఘోరమైన పొరపాటు, లీనియర్ కాంతి విలువలను మామూలు 8-బిట్ బఫర్లో నిలవచేయడం. లీనియర్‌లో మొదటి నాలుగు విలువలు 0, 1, 2, 3. వాటిని ఎస్‌ఆర్‌జీబీకి మారిస్తే తెరమీద వచ్చేవి 0, 13, 22, 28. మధ్యలో ఉన్న 14 నుంచి 21 దాకా విలువలు ఆ బొమ్మలో ఎన్నటికీ రావు. మన రాత్రి పొగమంచు ఉన్నదే ఆ ప్రాంతంలో. అక్కడ ఒక మెట్టు నాయిస్‌తో తొమ్మిది మెట్ల గోతిని పూడ్చలేం. ఈ చారను చూసి "డిదరింగ్ పనిచేయదు" అని తీర్పు చెప్పడం, రౌండింగ్ చేసిన నేరాన్ని డిదరింగ్ మీదకు నెట్టడమే.

ఇక ఇందాక వాయిదా వేసిన సంగతి, డిదరింగ్ పెట్టగానే చీకట్లో రవ్వల్లా గరుకు లేచిందనే ఫిర్యాదు. దాదాపు ఎప్పుడూ కారణం ఒకటే: 1/255 పరిమాణమున్న నాయిస్‌ను లీనియర్ కాంతికి కలిపారు, ఎస్‌ఆర్‌జీబీ మార్పు ఆ తర్వాత జరిగింది. లీనియర్‌లో 1/255 అంటే నలుపు దగ్గర 13 మెట్లు. 20 విలువ దగ్గర కూడా దాదాపు 8 మెట్లు. ఒక మెట్టు కలపాల్సిన చోట ఎనిమిది కలిపి, గరుకుగా ఉందని డిదరింగ్‌నే తిట్టడం న్యాయం కాదు. నాయిస్ ఎప్పుడూ రౌండింగ్ జరిగే విలువల్లోనే, మార్పు అయ్యాకే కలపాలి:

```
float3 c = LinearToSRGB(hdr);
float3 n = noiseA(pos) + noiseB(pos) - 1.0;
return float4(c + n / 255.0, 1.0);
```

ఇక్కడ `noiseA`, `noiseB` రెండూ 0 నుంచి 1 దాకా విలువలిచ్చే స్వతంత్ర నాయిస్‌లు. మూడు రంగు చానెళ్లకూ వేర్వేరుగా ఇస్తే వెలుగులో కనిపించే గరుకు తగ్గుతుంది. ఈ కోడు, బఫర్ `_SRGB` రకం కానప్పుడు సరైనది. బఫర్ ఆ రకమైతే హార్డ్‌వేర్ మార్పును షేడర్ తర్వాత చేస్తుంది. అప్పుడు నాయిస్ కలిపిన విలువను తిరిగి లీనియర్‌కు మార్చి ఇవ్వాలి. మరో హద్దు నలుపు దగ్గర ఉంది. విలువ సరిగ్గా 0 అయినప్పుడు నాయిస్‌లోని రుణ భాగం కత్తిరించుకుపోతుంది, ధన భాగం నిలుస్తుంది. ఎనిమిదింట ఒక పిక్సెల్ 1కి ఎగబాకి, కటిక నలుపు కాస్త తేలిపోతుంది. విలువ 0కూ 255కూ దగ్గరపడేకొద్దీ నాయిస్‌ను −0.5, +0.5ల మధ్య ఉండే సమాన పంపిణీకి కుదిస్తే ఆ బాధ ఉండదు.

చార ఎక్కడ పుట్టిందో ఊహించాల్సిన పని లేదు, కొలవొచ్చు. నాయిస్‌ను ఆపి, తెరను పీఎన్‌జీగా పట్టుకుని, చారకు అటూ ఇటూ ఉన్న పిక్సెళ్ల విలువలు చదవండి. తేడా 1 మాత్రమే అయితే చివరి రౌండింగే కారణమని మొదట అనుమానించాలి. మందు అక్కడి డిదరింగ్. తేడా 4, 6, 9 ఉంటే మధ్యలో ఏదో బఫర్ ముందే మింగేసింది. మందు ఆ బఫర్‌కు ఎక్కువ బిట్లు, లేదా దానిలోకి రాసేముందు డిదరింగ్. పైన చూపిన పొరల కేసు మాత్రం ఈ పరీక్షకు చిక్కదు, ఎందుకంటే అక్కడ పక్కపక్క పలకల మధ్య తేడా 1 ఉండొచ్చు. అక్కడ అడగాల్సింది వేరు: పొరలన్నీ ఆపి ఒకసారి, పెట్టి ఒకసారి అదే పిక్సెల్‌ను చదివి, పెరగాల్సినంత పెరిగిందా అని. తెరను జేపీజీగా పట్టి మాత్రం ఎవరూ తీర్పు చెప్పకూడదు. ఒక మెట్టు నాయిస్‌ను కుదింపు అనవసరమనుకుని తుడిచేస్తుంది, చారలు తిరిగొస్తాయి. వీడియోలోనూ అంతే. స్ట్రీమింగ్‌లో చీకటి సన్నివేశం చారలు కట్టిందంటే, తయారీలో డిదరింగ్ చేయలేదని కాదు, కుదింపు దాన్ని తినేసి ఉండొచ్చు. ఇది డిదరింగ్‌కు ఉన్న నిజమైన పరిమితి, దాన్ని తెలిసి ఒప్పుకోవాలి. లేని పరిమితులు అంటగట్టకూడదు.

సిద్ధాంతం చాలు, ఆచరణ చూపమంటారా? డెన్మార్క్‌కు చెందిన ప్లేడెడ్ 2016లో విడుదల చేసిన 'ఇన్‌సైడ్' ఆటను చూడండి. మసక వెలుతురు, పొగమంచు, దాదాపు రంగులేని విశాలమైన నునుపు ప్రాంతాలు. చార కనిపించడానికి ఇంతకంటే అనువైన బొమ్మ ఉండదు. ఆ ఆటకు పనిచేసిన మికెల్ గ్యోల్, మికెల్ స్వెండ్‌సెన్ అదే ఏడాది గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో తమ రెండరింగ్ పద్ధతి వివరిస్తూ డిదరింగ్‌కు, త్రిభుజాకార నాయిస్‌కు గణనీయమైన చోటిచ్చారు. తప్పును దాచుకోవాల్సినవాళ్లు దాన్ని వేదికెక్కి చెప్పరు. వాళ్లకు అది రెండరింగ్‌లో ఒక భాగం.

కాబట్టి బిట్లా, డిదరింగా అన్న ప్రశ్నే తప్పు ప్రశ్న. లెక్కలు జరిగే మధ్య బఫర్లకు బిట్లు ఇవ్వండి, ఎందుకంటే పొరమీద పొర వేసేటప్పుడు పోయిన విలువను ఏదీ తిరిగి తేలేదు. బిట్లు తగ్గే ప్రతి చోటా, ముఖ్యంగా తెరకు పంపే చివరి అడుగులో, త్రిభుజాకార నాయిస్ కలిపాకే రౌండ్ చేయండి. రెండోదాన్ని చేయని రెండరర్ మొదటిదానికి ఎంత ఖర్చుపెట్టినా, కొన్న నునుపును ఆటగాడికి చేరకుండానే పారేస్తోంది.